గోదాములో మూలపడ్డ సరుకుకు ఎంత విలువ కట్టాలి?

స్కూళ్లకు యూనిఫారాలు కుట్టి ఇచ్చే వ్యాపారానికి మార్చి 31 చిక్కుతో కూడిన తేదీ. మన రెండు రాష్ట్రాల్లోనూ బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. ఆ సీజన్ కోసం డిసెంబరు నుంచే గుడ్డ తెప్పించి, కటింగ్ చేయించి, కుట్టించి పెడతారు. అందుకే ఆర్థిక సంవత్సరం ముగిసే నాటికి గోదాము నిండుగా ఉంటుంది కానీ అమ్మకాలు మొదలై ఉండవు. ఆ ఏడాది లాభం ఎంతో తేలాలంటే ముందు ఆ గోదాములో ఉన్నదాని విలువ తేలాలి. ముగింపు సరుకు విలువ ఒక లక్ష పెంచి రాస్తే లాభం సరిగ్గా ఒక లక్ష పెరుగుతుంది. ఒక్క గుడ్డముక్క అదనంగా అమ్మకపోయినా, ఒక్క రూపాయి చేతికి రాకపోయినా పెరుగుతుంది. ఆడిట్‌లో ఇంత సులువుగా లాభాన్ని మార్చగల అంకె ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

ఈ అంకెకు కళ్లెం వేసే నియమం ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు. సరుకు మనకు ఎంత పడిందో, అమ్మితే నికరంగా ఎంత చేతికొస్తుందో చూసి, ఆ రెండింటిలో తక్కువదాన్నే లెక్కల్లో రాయాలి. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ రూపొందించిన ఏఎస్ 2 ప్రమాణం చెప్పేది ఇదే. పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 2 చెప్పేదీ ఇదే. కొత్తగా పుట్టిన ఆలోచనేమీ కాదు. ఫ్రాన్స్‌లో జాక్ సావరీ 1675లో వర్తకుల కోసం రాసిన పుస్తకంలోనే, పాడవుతున్న సరుకుకూ వాడుక తప్పుతున్న సరుకుకూ విలువ తగ్గించి రాసుకోమన్నాడు. మన సుప్రీంకోర్టు 1953లో చైన్‌రూప్ సంపత్‌రామ్ కేసులో ఈ పద్ధతిని వర్తక లెక్కల్లో స్థిరపడిన సూత్రంగా గుర్తించింది. ధర పెరిగితే వచ్చే లాభాన్ని అమ్మేదాకా చూపకూడదు, ధర పడిపోతే నష్టాన్ని మాత్రం ఇప్పుడే ఒప్పుకోవాలి. నియమం సారమంతా ఇదే.

చెప్పుకోవడానికి సులువే. పరీక్షించడం దగ్గరే కష్టం మొదలవుతుంది. దాన్ని చూపడానికి ఒక ఊహా యూనిట్‌ను తీసుకుందాం. పది పన్నెండు స్కూళ్లకు యూనిఫారాలు కుట్టే ఒక మోస్తరు వ్యాపారం. మార్చి 31న గోదాములో ఉన్న సరుకు యజమానికి 62 లక్షలు పడింది. అంతా మామూలు ధరకు అమ్ముడుపోతే ఖర్చులు పోను 74 లక్షలు వస్తాయని ఆయన లెక్క. ‘‘వచ్చేది ఎక్కువ, పడింది తక్కువ. తగ్గించడానికేముంది సార్?’’ అంటాడు. ఈ మాటలోనే మొదటి తప్పుంది. పోలిక గోదాము మొత్తానికి చేసేది కాదు, వస్తువు వస్తువుకూ విడిగా చేసేది. బాగా పోయే తెల్ల చొక్కాల మీద రేపు రాబోయే లాభంతో ఎవరూ అడగని ఫ్రాకుల మీద ఇవాళే వచ్చిన నష్టాన్ని పూడ్చడానికి వీల్లేదు. ఒకే రకం, ఒకే వాడుక, ఒకే చోట అమ్మేవై, విడదీసి చూడటం కుదరని వస్తువులుంటే వాటిని ఒక గుంపుగా చూడొచ్చు. ‘కుట్టిన బట్టలు’ అని మొత్తాన్నీ ఒక గుంపు చేస్తే అది గుంపు కాదు, నష్టానికి కప్పిన దుప్పటి.

పోలికకు ముందు ‘పడింది’ అన్న అంకెను సరిచూడాలి. గుడ్డ కొన్న ధర, భిల్వాడా నుంచి లారీలో తెచ్చిన కిరాయి, కటింగ్, కుట్టుకూలి, కాజాలు, గుండీలు, షెడ్డు అద్దెలో న్యాయమైన వాటా, ఇవన్నీ అందులోకి వస్తాయి. వెనక్కి తీసుకోగలిగిన జీఎస్టీ రాదు. తయారైన సరుకును దాచి ఉంచిన గోదాము అద్దె, అమ్మకాల కుర్రాడి జీతం, ఆఫీసు ఖర్చులు మామూలుగా రావు. ఇక్కడ తరచూ కనిపించే పొరపాటు షెడ్డు అద్దె దగ్గర జరుగుతుంది. రోజుకు 200 చొక్కాలు కుట్టగల షెడ్డు ఆర్డర్లు లేక 100 మాత్రమే కుట్టిన ఏడాది, అద్దెనంతా ఆ వంద మీదే పంచితే ఒక్కో చొక్కాకు పడే వాటా రెట్టింపవుతుంది. పని లేక ఖాళీగా ఉన్న రోజుల నష్టం అలా చొక్కాల విలువగా మారి, లాభంలా కనిపిస్తుంది. అందుకే స్థిరమైన ఖర్చుల్ని మామూలు ఉత్పత్తి స్థాయి మీద పంచమంటుంది ప్రమాణం. మిగిలినది ఆ ఏడాది ఖర్చులోకే పోవాలి.

ఇక రెండో అంకె, అమ్మితే చేతికి నికరంగా వచ్చేది. లెక్కల భాషలో నికర వసూలు విలువ. ధరల పట్టికలో ఉన్న అంకె అది కాదు. మామూలుగా అమ్మితే వస్తుందనుకునే ధరలోంచి, సరుకును పూర్తి చేయడానికి ఇంకా పెట్టాల్సిన ఖర్చునూ, అమ్మడానికి అయ్యే ఖర్చునూ తీసేస్తే మిగిలేది. సగం కుట్టిన ప్యాంట్లు 400 ఉన్నాయనుకోండి. ఇప్పటిదాకా ఒక్కోదానికి 260 రూపాయలు పడ్డాయి. ఒప్పుకున్న ధర 340. చూడగానే లాభమే అనిపిస్తుంది. అయితే మిగిలిన కుట్టు, జిప్పు, ఇస్త్రీ, ప్యాకింగ్ కలిపి ఇంకో 90 పెట్టాలి, చేరవేయడానికి 15. పోగా మిగిలేది 235. ఒక్కో ప్యాంటుకు 25 చొప్పున పదివేలు ఇప్పుడే తగ్గించాలి.

ఈ యూనిట్‌లో అసలు కథ మెరూన్ గళ్ల ఫ్రాకులది. ఒక స్కూలు కోసం నవంబరు, డిసెంబరుల్లో కుట్టినవి. 600 ఉన్నాయి, ఒక్కోటి 380 పడింది, పట్టికలో ధర 520. ఆ స్కూలు వచ్చే ఏడాది నుంచి రంగు మారుస్తున్నట్టు ఫిబ్రవరిలో ఉత్తరం రాసింది. ఉత్తరం యజమాని ఫైల్లో ఉంది, స్టాక్ పట్టికలో మాత్రం ఫ్రాకుల విలువ 380 దగ్గరే ఉంది. ‘‘ఇవేమీ పాడవలేదు కదా సార్. ఇదే రంగు పెట్టే స్కూలు ఇంకోటి దొరక్కపోదు,’’ అన్నది ఆయన వాదన. ఆశ పెట్టుకోవడం తప్పు కాదు గానీ, లెక్కకు ఆధారం కావాలి. అది దొరికేది ఏప్రిల్, మే, జూన్ నెలల బిల్లుల్లో. ఆడిట్ మామూలుగా ఆ నెలల తర్వాతే జరుగుతుంది కాబట్టి సంవత్సరాంతం తర్వాత ఏం జరిగిందో చూసే వీలు ఉంటుంది. ఆ బిల్లులు వెతికితే, మే నెలలో 40 ఫ్రాకులు లాట్లు కొనే వ్యాపారికి ఒక్కోటి 200కు పోయినట్టు తేలింది. మిగతావీ అదే ధరకు తీసుకుంటానని అతను రాసి ఇచ్చిన కాగితం కూడా ఉంది. జేబు మీది స్కూలు బ్యాడ్జి విప్పడానికి ఫ్రాకుకు 15, మధ్యవర్తికి అయిదు శాతం చొప్పున 10. నికరంగా వచ్చేది 175. తగ్గించాల్సింది ఒక్కోదానికి 205, మొత్తం 1,23,000.

తర్వాత జరిగిన అమ్మకాన్ని ఆధారంగా తీసుకునేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వేసుకోవాలి. ధర పడిపోవడానికి కారణం మార్చి 31 నాటికే ఉందా, ఆ తర్వాత పుట్టిందా? ఇక్కడ ఉత్తరం ఫిబ్రవరిలోనే వచ్చింది కాబట్టి మే నాటి ధర మార్చి నాటి నిజాన్నే చెబుతోంది. అలాకాకుండా మే నెలలో గోదాములో నిప్పంటుకుని ఫ్రాకులు కాలిపోయి ఉంటే, ఆ నష్టం కొత్త సంవత్సరానిది. పాత సంవత్సరం విలువను అది మార్చదు. పెద్ద నష్టమైతే విషయం నోట్లలో చెప్పాలి, అంతే.

ఫ్రాకుల వెనకే ఇంకోటి దాగి ఉంటుంది. అదే మెరూన్ గళ్ల గుడ్డ 800 మీటర్లు తాన్లుగా పడి ఉంది, మీటరు 140 పడింది. ముడి సరుకు విషయంలో నియమం కొంచెం ఉదారంగా ఉంటుంది. గుడ్డ ధర మార్కెట్లో తగ్గినంత మాత్రాన తగ్గించి రాయనక్కర్లేదు. ఆ గుడ్డతో కుట్టే బట్ట, తనకు పడిన మొత్తం ఖర్చుకో అంతకు మించో అమ్ముడుపోతే చాలు. యూనిట్‌లోని తెల్ల షర్టింగు మీటరు 95కు కొన్నది ఇప్పుడు 85కే దొరుకుతోంది. అయినా చొక్కాలు లాభానికే పోతున్నాయి కాబట్టి 95 దగ్గరే ఉంచొచ్చు. గళ్ల గుడ్డకు ఆ రక్షణ లేదు. దానితో కుట్టే ఫ్రాకుకే గిరాకీ పోయింది. కట్ పీసులు అమ్మేవాళ్లు ఖర్చులు పోను మీటరుకు 60 ఇస్తామంటే 80 చొప్పున 64,000 తగ్గించాలి. తయారైన సరుకు విలువ తగ్గించినప్పుడల్లా దాని ముడి సరుకు ఏ మూల ఉందో, సగం కుట్టినవి ఎన్ని ఉన్నాయో వెతకడం ఆడిటర్ మరిచిపోకూడని పని. జాబ్‌వర్క్‌కు బయటి టైలర్ల దగ్గరున్న గుడ్డ కూడా అందులోకే వస్తుంది.

ఆర్డరు ఉన్న సరుకుకు లెక్క వేరు. 1,000 నీలం స్కర్టులున్నాయి, ఒక్కోటి 300 పడింది. ఒక స్కూలు 700 స్కర్టులను 330 చొప్పున తీసుకుంటానని సంతకం పెట్టింది. చేరవేతకు 10 పోయినా 320 వస్తుంది కాబట్టి ఆ 700 పడిన ధర 300 దగ్గరే ఉంటాయి. ఆర్డరు ధర అక్కడితో ఆగుతుంది. మిగతా 300 స్కర్టులను బయటి ధరతో చూడాలి. అక్కడ 270 వస్తే, 20 ఖర్చులు పోను 250. అంటే 15,000 తగ్గాలి. ఆర్డరు కాగితం ఒక్కటి చూపించి వెయ్యింటికీ 330 వస్తుందనడం చాలాచోట్ల కనిపించే పని. కాగితం మీదున్న పరిమాణం చదివితే చాలు, దొరికిపోతుంది.

ఇక నెమ్మదిగా కదిలే సరుకు. పరీక్ష తరచూ విఫలమయ్యేది ఇక్కడే. కారణం, ఈ సరుకుకు బిల్లు ఉంటుంది, ఆ బిల్లులో మంచి ధర ఉంటుంది. మన యూనిట్‌లో 40 సైజు తెల్ల చొక్కాలు 900 ఉన్నాయి. ఒక్కోటి 280 పడింది. మేలో 360కి అమ్మిన బిల్లు ఉంది. ఖర్చులు 15 పోను 345. పడినదానికంటే ఎక్కువే కాబట్టి పరీక్ష నెగ్గినట్టే అని చాలామంది టిక్కు పెట్టి ముందుకు పోతారు. ఆ బిల్లు నిజానికి రుజువు చేసేది తన మీద రాసి ఉన్న పాతిక చొక్కాల ధరనే. మిగతా 875 సంగతి దానికి తెలియదు.

అందుకే వేయాల్సిన రెండో ప్రశ్న, ఈ సరుకు ఏడాదికి ఎన్ని పోతోంది అని. గత మూడేళ్లలో వరసగా 190, 170, 150 పోయాయి. బడికెళ్లే పిల్లల్లో 40 సైజు తొడిగేవాళ్లు కొద్దిమందే. ఎప్పుడో గుడ్డ చవగ్గా దొరికిందని ఎక్కువ కుట్టించారు. నిరుటి వేగం చూసినా ఇది ఆరేళ్ల సరుకు, ఆ వేగమూ ఏటా తగ్గుతోంది. తెల్ల చొక్కా మడతలో రెండు మూడేళ్లుంటే మడత గీతల దగ్గర పసుపు తిరుగుతుంది. అప్పుడిక 360 మాటే ఉండదు. అంటే మామూలు ధరకు పోగలిగేది రెండు సీజన్ల సరుకు మాత్రమే. యజమాని 300 పోతాయంటాడు. తగ్గుతున్న వరసను బట్టి చూస్తే 130, 110 కలిపి 240 అని నేనంటాను. మిగిలినవి లాటుగా పోవాల్సినవే. ఇలాంటి సైజులను రెండేళ్ల కింద లాటుగా 120కి అమ్మిన బిల్లు ఫైల్లో ఉంది. ఖర్చులు పోను 110. చొక్కాకు 170 తగ్గాలి. యజమాని అంచనాతో 600 చొక్కాలకు 1,02,000. నా అంచనాతో 660 చొక్కాలకు 1,12,200.

ఆ పదివేల తేడా దగ్గర నేను పట్టుపట్టను. అంచనా అన్నాక ఒకే అంకె ఉండదు, సమంజసమైన హద్దు ఉంటుంది. ఆయన అంకె ఆ హద్దులోనే ఉంది. పట్టుపట్టాల్సింది, అసలేమీ తగ్గించకుండా 345ను చూపించినప్పుడు. మొత్తం కలిపితే ఈ యూనిట్ సరుకు 3,14,000 తగ్గుతుంది. తొమ్మిది లక్షలుగా రాసుకున్న లాభం 5,86,000 అవుతుంది. 62 లక్షల గోదాములో ఇది అయిదు శాతమే. లాభంలో మాత్రం మూడో వంతుకు మించి ఉంది.

నెమ్మదిగా కదిలే సరుకును పట్టుకోవడానికి చాలా సంస్థలు కంప్యూటర్ ఇచ్చే వయసు పట్టిక మీద ఆధారపడతాయి. ఆరు నెలల్లోపు, ఏడాదిలోపు, రెండేళ్లలోపు అని సరుకును విభజించే జాబితా అది. ఉపయోగపడేదే, అది నిజమైతే. ఆ వయసు ఎక్కడి నుంచి లెక్కిస్తోందో అడగాలి. ఒక గోదాము నుంచి ఇంకో గోదాముకు మార్చిన రోజును పుట్టినరోజుగా తీసుకునే సాఫ్ట్‌వేర్‌లున్నాయి. మూడేళ్ల చొక్కాను దుకాణం నుంచి షెడ్డుకు మారిస్తే అది నిన్నటి చొక్కా అవుతుంది. అమ్మి తిరిగొచ్చిన సరుకు కొత్తగా వచ్చినట్టు నమోదవుతుంది. సాఫ్ట్‌వేర్ మార్చిన ఏడాది పాత నిల్వలన్నీ ఏప్రిల్ 1వ తేదీతో ఎక్కుతాయి. అన్నిటికంటే ఎక్కువగా మోసపుచ్చేది సైజులన్నిటికీ ఒకే కోడ్ పెట్టడం. 30, 32 సైజులు రోజూ పోతుంటాయి కాబట్టి ‘చివరి అమ్మకం నిన్న’ అని పట్టిక చూపిస్తుంది. 40 సైజు ఆ మాట వెనక ఏళ్ల తరబడి దాక్కుంటుంది. వీటిలో కుట్ర ఉండాల్సిన పనేం లేదు. లెక్క పెట్టే తీరులోనే లోపం ఉంటుంది. కుట్ర ఉన్నప్పుడు మాత్రం మార్చి చివరి వారంలో బంధువుల సంస్థకు పాత సరుకును మంచి ధరకు అమ్మినట్టు బిల్లు, ఏప్రిల్‌లో అదే సరుకు వాపసు వచ్చినట్టు నోటు కనిపిస్తాయి. అందుకే ఏప్రిల్ వాపసులు చూడకుండా మార్చి అమ్మకాలను నమ్మకూడదు.

పట్టికను పరీక్షించే దారి రెండు వైపులా నడవడమే. పట్టికలో ‘కొత్తది’ అని ఉన్న కొన్ని వస్తువులు తీసుకుని వాటి కొనుగోలు బిల్లు, కటింగ్ రిజిస్టర్ చూడాలి. తర్వాత గోదాములోకి వెళ్లి కట్ట మీదున్న చీటీ తేదీ రాసుకుని, అది పట్టికలో ఏ వయసులో పడిందో చూడాలి. స్టాక్ విలువ పెద్దదైనప్పుడు భౌతికంగా లెక్కించే చోట ఆడిటర్ స్వయంగా హాజరు కావాలని ఆడిటింగ్ ప్రమాణం ఎస్‌ఏ 501 చెబుతుంది. అక్కడ చేయాల్సింది సంఖ్య సరిచూడటం ఒక్కటే కాదు. కట్టల మీద దుమ్ము, మడత దగ్గర పసుపు, చెమ్మ వాసన, హుక్కు చుట్టూ తుప్పు మరక, నడుము దగ్గర సాగిపోయిన ఎలాస్టిక్, ఇవన్నీ ఏ కంప్యూటరూ చెప్పని వయసు. అడుగు వరసలోని కట్ట విప్పించి చూడాలి. పై వరసలో ఎప్పుడూ కొత్తదే ఉంటుంది. గోదాము కాపలాదారును ‘‘ఈ అర ఎప్పుడు కదిలింది అన్నా?’’ అని అడిగితే వచ్చే జవాబు కూడా ఆధారమే, దాన్ని రాసి పెట్టుకుని బిల్లులతో సరిచూసుకోవాలి. అన్నిటికన్నా తేలికైన పరీక్ష ఇంకొకటుంది. నిరుటి స్టాక్ పట్టికనూ ఈ ఏటి పట్టికనూ పక్కపక్కన పెట్టడం. అప్పుడు 412, ఇప్పుడు 412 అని ఏ వరసలో కనిపించినా, ఆ వస్తువు ఏడాదంతా కదల్లేదని చెప్పడానికి సాఫ్ట్‌వేర్‌తో పనిలేదు.

వయసు నిజమే అయినా వయసే విలువ కాదు. ఏడాది దాటితే 25 శాతం, రెండేళ్లు దాటితే 50, మూడేళ్లు దాటితే మొత్తం తగ్గించేలా చాలా సంస్థలకు ఒక సూత్రం ఉంటుంది. మన యూనిట్‌లో మెరూన్ ఫ్రాకుల వయసు నాలుగైదు నెలలు. ఆ సూత్రం ప్రకారం వాటికి ఒక్క పైసా తగ్గదు. అదే గోదాములో నాలుగేళ్ల నాటి నల్ల బెల్టులున్నాయి, ఏ స్కూలు గుర్తూ లేనివి, ప్రతి జూన్‌లోనూ పూర్తి ధరకు పోతాయి. సూత్రం వాటి విలువను సున్నా చేస్తుంది. అలాంటి సూత్రాన్ని చూసి ‘ఏటా ఇదే పాటిస్తున్నారు’ అని సంతృప్తి పడిపోతే పరీక్ష చేసినట్టు కాదు. నిరుడు 50 శాతం తగ్గించిన వస్తువుల జాబితా తీసి, అవి ఈ ఏడాది అసలు ఎంతకు పోయాయో, ఎన్ని పోయాయో చూడాలి. పడిన ధరలో 20 శాతానికే పోయి ఉంటే సూత్రం చాలలేదు. 90 శాతానికి పోయి ఉంటే అవసరానికి మించి తగ్గించారు.

మించి తగ్గించడం జాగ్రత్తపరుల పని అనుకుంటారు, నిజానికి అదీ తప్పే. ఈ ఏడాది లాభాన్ని తక్కువ చూపి, వచ్చే ఏడాది అదే సరుకు అమ్మినప్పుడు లేని లాభాన్ని చూపుతుంది. 2001లో అమెరికన్ కంపెనీ సిస్కో, గిరాకీ ఉంటుందని కొనిపెట్టుకున్న విడిభాగాలూ సరుకూ మిగిలిపోయి సుమారు 220 కోట్ల డాలర్లు తగ్గించి రాయాల్సి వచ్చింది. తర్వాత అందులో కొంత వాడుకలోకి వచ్చి, అమ్ముడై, లాభాల శాతాన్ని పెంచింది. అంచనాలు తప్పడం సహజం. తగ్గించిన సరుకులో తర్వాత ఎంత అమ్ముడైందో విడిగా చెబితేనే, లాభం వ్యాపారం వల్ల వచ్చిందా, పాత అంచనా తిరగబడటం వల్ల వచ్చిందా అన్నది చదివేవాళ్లకు తెలుస్తుంది.

యజమాని మీద రెండు వైపుల నుంచీ ఒత్తిడి ఉంటుందన్నది కూడా ఆడిటర్ గుర్తుంచుకోవాలి. బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్‌లో ఎంత వాడుకోవచ్చన్నది స్టాక్ స్టేట్‌మెంట్‌ను బట్టి తేలుతుంది. కదలని సరుకును చాలా బ్యాంకులు అందులోంచి తీసేయమంటాయి. కాబట్టి బ్యాంకు కోసం విలువ ఎక్కువగా, సరుకు కొత్తగా కనిపించాలి. పన్ను తక్కువ పడాలంటే విలువ తక్కువగా కనిపించాలి. బ్యాంకుకు ఇచ్చిన మార్చి స్టేట్‌మెంట్‌నూ ఖాతాల్లోని అంకెనూ పోల్చడం అందుకే తప్పనిసరి. పన్ను వైపు నియమమూ ఇంచుమించు ఇదే. పడిన ధర, నికర వసూలు విలువల్లో తక్కువదాన్ని తీసుకోవాలని 2018 ఆర్థిక చట్టం ఆదాయపు పన్ను చట్టంలోనే చేర్చింది. సరుకు విలువ మీద అనుమానం ఉంటే కాస్ట్ అకౌంటెంట్ చేత లెక్క కట్టించమని ఆదేశించే అధికారాన్ని 2023 చట్టం అధికారులకు ఇచ్చింది. ‘మార్కెట్ బాగాలేదు కాబట్టి 40 శాతం తగ్గించాం’ అన్న ఒక్క ముక్క అక్కడ నిలవదు. లాటు బిల్లు, స్కూలు ఉత్తరం, సైజువారీ మూడేళ్ల అమ్మకాలు నిలుస్తాయి.

జీఎస్టీలో చిన్న జాగ్రత్త ఉంది. సరుకును పూర్తిగా రాసేసినా, ధ్వంసం చేసినా, ఉచితంగా పంచినా దాని మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వెనక్కి కట్టాలి. అమ్మకానికి ఉంచి విలువ మాత్రం తగ్గించడం అలాంటిది కాదు. అందుకని ఖాతాలో రాసే మాట జరిగినదానికి సరిపోవాలి. ఫ్రాకులు ఇంకా గోదాములో అమ్మకానికి ఉండగా ‘రాసేశాం’ అని నమోదు చేస్తే, లేని చిక్కును తెచ్చుకున్నట్టే.

వచ్చే మార్చిలో ఇదంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి. అప్పటికి 200 ఫ్రాకులు మిగిలి ఉండి, ఇంతలో ఇంకో స్కూలు అవే గళ్లను ఎంచుకుని 450కి తీసుకుంటానంటే, 175కు దించిన విలువను మళ్లీ పెంచొచ్చు. పెంచుకోగలిగేది 380 దాకానే. అంతకు మించిన లాభం ఫ్రాకు అమ్ముడైన రోజున రావాల్సిందే. అందుకే తగ్గించిన ప్రతి వస్తువుకూ పడిన అసలు ధర, తగ్గించిన మొత్తం, కారణం, ఆధారం ఒక రిజిస్టర్లో విడిగా ఉండాలి. పట్టికలో 175 మాత్రమే మిగిలి 380 మాయమైపోతే, రెండేళ్ల తర్వాత వచ్చే ఆడిటర్‌కు ఆ హద్దు ఎక్కడుందో కనుక్కునే దారి ఉండదు.